ఎవ్రీడేనా, ఎవ్రీ డేనా? ఫ్లెక్స్ రేపే ప్రింటుకి వెళ్తోంది

ఎంవీపీ తమ్ముడు
ఎంవీపీ కాలనీలో మా అక్క టిఫిన్ సెంటర్‌కి కొత్త ఫ్లెక్స్ వేయిస్తున్నాం. డిజైన్ చేసే కుర్రాడు ఇంగ్లిష్‌లో ‘ఓపెన్ ఎవ్రీడే’ అని కలిపేశాడు. విడిగా ఉండాలేమో అంటే, ‘కంప్యూటర్‌లో ఎర్రగీత రాలేదు కదా సార్’ అంటాడు. ‘హోమ్‌మేడ్ పికిల్స్’, ‘టేక్‌అవే’ కూడా ఉన్నాయి. కలపాలా, విడదీయాలా, హైఫన్ పెట్టాలా?

ప్రూఫు పద్మ
ఎర్రగీత ఎందుకొస్తుందండీ? రెండూ ఉన్న మాటలే. మధ్యలో ‘సింగిల్’ దూర్చి చూడండి. ‘ఓపెన్ ఎవ్రీ సింగిల్ డే’ అంటే చక్కగా ఇమిడింది, కాబట్టి విడిగా రాయాలి. అదే ‘ఎవ్రీడే ప్రైసెస్’లో దూర్చండి, ఇమడదు. అక్కడ అది ధరలు ఎలాంటివో చెప్తోంది, అందుకే కలిసి ఉంటుంది. మీ బోర్డు చెప్పేది ఎప్పుడు తెరుస్తారన్నది. విడదీయించండి.

హార్బర్ కామేశు
బోర్డుదేముంది, జనం ఇడ్లీ చూసి వస్తారు. మా షిప్పింగ్ ఆఫీసు బాధ వినండి. ‘అరేంజ్ 20 ఫుట్ కంటైనర్స్’ అని పార్టీ మెయిల్ పెట్టాడు. కొత్తగా చేరిన కుర్రాడు ఇరవై కంటైనర్లనుకుని ట్రెయిలర్లకి ఫోన్లు కొట్టేశాడు. పార్టీకి కావలసినవి 20 అడుగుల పొడవువి, అవీ మూడే! 20కీ ఫుట్‌కీ మధ్య హైఫన్ ఉండుంటే అది సైజని తెలిసేది, ఎన్ని కావాలో తిరిగి అడిగేవాడు. అప్పట్నుంచి మేం ‘3 x 20-ఫుట్’ అనే రాస్తాం.

గాజువాక మాస్టారు
ఎన్నో బ్యాచ్‌లకి స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పినవాణ్ణి, ఇంత చర్చ అనవసరం. నామవాచకం ముందు రెండు మాటలు కలిసి వస్తే హైఫన్, అంతే. మా కరపత్రం మీద ‘హైలీ-క్వాలిఫైడ్ ఫ్యాకల్టీ’ అని అలాగే వేయించాం.

ప్రూఫు పద్మ
సగమే కరెక్టు మాస్టారూ. ‘ఎ వెల్-నోన్ డాక్టర్’కి హైఫన్ ఉంటుంది. ‘ద డాక్టర్ ఈజ్ వెల్ నోన్’ అంటే అక్కర్లేదు. కానీ ‘హైలీ’ లాంటి క్రియావిశేషణం పక్క మాటకే చెందుతుందని దాని చివరి ఎల్‌వైయే చెప్పేస్తోంది. ఇక కలిపి చూపించే పనేముంది?

గాజువాక మాస్టారు
అలాగా! మరి ‘ఫ్యామిలీ-ఓన్డ్ హోటల్’కి హైఫన్ ఎందుకమ్మా? దాని చివరా ఎల్‌వై ఉందిగా.

ప్రూఫు పద్మ
ఫ్యామిలీ నామవాచకమండీ. చివరి అక్షరాలు కాదు, ఆ మాట చేసే పని చూడాలి. ఆ సంగతి మీకు నేను చెప్పాలా?

గాజువాక మాస్టారు
నేను పాఠం చెప్పేటప్పటికి మీరు పలక పట్టుకుని ఉంటారు. మర్యాదగా మాట్లాడండి.

జగదాంబ జంక్షన్
మాస్టారూ, ముందు కరపత్రం మార్పించండి, మర్యాద సంగతి తర్వాత 😀

ఎంవీపీ తమ్ముడు
అయ్యా, నా టేక్‌అవే?

హార్బర్ కామేశు
వైజాగ్‌లో టేక్‌అవే అని ఎవరంటారు తమ్ముడూ? పార్సిల్ అని వేయించు, గొడవ వదిలిపోతుంది.

సీతమ్మధార సుబ్బు
హోమ్‌మేడ్ కలిపి రాస్తే చాలు. మెరియమ్-వెబ్‌స్టర్ డిక్షనరీలో కలిసే ఉంది.

ప్రూఫు పద్మ
అది అమెరికా వాళ్ళది. బ్రిటిష్ పుస్తకాల్లో హైఫన్‌తోనూ కనిపిస్తుంది. ఏదో ఒక డిక్షనరీ పట్టుకుని బోర్డు మీదా, మెనూ మీదా ఒకేలా రాయించండి.

గాజువాక మాస్టారు
ఆ డిక్షనరీలకే నిలకడ లేదు. షార్టర్ ఆక్స్‌ఫర్డ్ 2007 ఎడిషన్‌లో దాదాపు 16,000 మాటల్లో హైఫన్లు పీకేశారు. ఐస్-క్రీమ్‌ని రెండు మాటలు చేశారు, బంబుల్-బీని ఒకటి చేశారు. ఏం సూత్రమండీ ఇది?

ప్రూఫు పద్మ
జనం ఎలా రాస్తున్నారో చూసి మార్చారు. ‘ఇ-మెయిల్’లో హైఫన్‌ని అసోసియేటెడ్ ప్రెస్ వాళ్ళు 2011లో తీసేసినట్టే. దానికీ మీ ‘హైలీ’కీ సంబంధం లేదు.

మధురవాడ మాధవి
నాదో డౌట్. నా కాంట్రాక్ట్ రెన్యువల్‌కి, మళ్ళీ సంతకం పెట్టమనే అర్థంలో ‘రీ-సైన్’ అని రాయాల్సింది, హెచ్‌ఆర్ వాళ్ళు హైఫన్ ఎగ్గొట్టి ‘రిజైన్’ అని పంపారు, శుక్రవారంలోగా చేయాలట. మా ఆయన అప్పుడే ఈఎంఐలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. సంతకమే అయ్యుంటుంది కదా?

ప్రూఫు పద్మ
‘రీ’ కలిస్తే మాటే మారిపోయే చోట హైఫన్ తీయకూడదు. కానీ వాళ్ళ మనసులో ఏముందో నేనెలా చెప్పను? ఫోన్ చేయండి.

మధురవాడ మాధవి
చేశానండీ. మెయిల్‌లో ఉన్నట్టు చేయండి అన్నారు.