పదహారు రోజులు ఊరెళ్లినవాడు కరెంటు బిల్లులో ఎంత కట్టాలి?

రాయగడ రూమ్:
ముగ్గురం, రెండు గదుల ఇల్లు, అద్దె 9,000. పెద్ద గదిలో ఒక్కడే ఉంటాడు, ఏసీ అతనిదే. చిన్న గదిలో మేమిద్దరం. మా ఇద్దరిలో ఒకతను రజో పండగకి పార్వతీపురం వెళ్లి 16 రోజులు ఉండిపోయాడు. లేని రోజులకి ఎందుకు కట్టాలి అంటున్నాడు. ఏసీ అతని తమ్ముడు 6 రోజులు ఉండి వెళ్లాడు. 30 రోజుల బిల్లు 240 యూనిట్లు, 1,200 రూపాయలు. ఏసీ సబ్ మీటరు 90 చూపిస్తోంది. ఎలా పంచుకోవాలి?

బరంపురం బ్యాచిలర్:
అన్నిటికీ రోజుల లెక్కే పెట్టండి. అద్దె, నెట్, కరెంటు, సరుకులు మొత్తం కలిపి, ఎవరు ఎన్ని రోజులున్నారో దాన్నిబట్టి కట్టాలి. గొడవే ఉండదు.

మీటరు లెక్క:
సరుకుల వరకు సరే గానీ అద్దెకి అది కుదరదు. అతను ఊరెళ్లినా మంచం, సామాను అక్కడే ఉన్నాయి, ఆ చోటు ఇంకొకరికి ఇవ్వలేరు. ఇంటాయన అద్దె తగ్గించడు. అతని వంతు మానేస్తే ఆ భారం మిగతా ఇద్దరి మీద పడుతుంది. అద్దె గదిని బట్టి పంచుకోండి: పెద్ద గదికి 4,000, చిన్న గదిలో తలకి 2,500. నెట్ నెలవారీ ప్లాను కాబట్టి మూడు సమాన వాటాలు.

కరెంటుని మాత్రం మూడు ముక్కలు చేయాలి. ఏసీ 90 యూనిట్లు పెద్ద గదివే. ఫ్రిజ్, రౌటరు ఎవరున్నా లేకపోయినా నడుస్తాయి. వాటికి రోజుకి ఒక యూనిట్ చొప్పున 30 అనుకుంటే తలకి 10. మిగిలిన 120 ఫ్యాన్లు, లైట్లు, మోటారు, గీజరువి. వీటికే రోజుల లెక్క. తమ్ముడి 6 రోజులు అన్న ఖాతాలో వేస్తే అతనివి 36, మీవి 30, ఊరెళ్లినతనివి 14, మొత్తం 80. అంటే రోజుకి ఒకటిన్నర యూనిట్.

అతనికి 90, 10, 54 కలిపి 154 యూనిట్లు. మీకు 55. ఊరెళ్లినతనికి 31. సగటున యూనిట్ 5 రూపాయలు పడింది కాబట్టి 770, 275, 155. సమానంగా పంచితే తలకి 400 పడేది.

ఒక్క జాగ్రత్త. బిల్లు ఒకటో తారీఖు నుంచి ముప్పై దాకా ఉండదు, రీడింగు నుంచి రీడింగుకి ఉంటుంది. హాజరు కూడా ఆ తేదీల మధ్యే లెక్కేయాలి. రీడింగు తీసిన రోజే సబ్ మీటరు ఫొటో తీసిపెట్టుకోండి. పాత బకాయి ఏదైనా బిల్లులో కలిసుంటే ముందు దాన్ని పక్కన పెట్టండి, అది వేరే నెల లెక్క.

గుణుపురం:
మా ఇంటాయన బిల్లులో రేటుతో పని లేకుండా యూనిట్‌కి 10 రూపాయలు వసూలు చేస్తున్నాడు. దీనికేం చేయాలి?

మీటరు లెక్క:
అది ఇంటాయనతో తేల్చుకోవలసిన విషయం, ఇక్కడి ప్రశ్న వేరు. ముందు అసలు బిల్లు కాపీ అడిగి చూడండి.

జయపురం అక్క:
బాబూ, సరుకులకి కూడా రోజులు సరిపోవు, పూటలు రాసుకోవాలి. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో మధ్యాహ్నం తినేవాడు, మూడు పూటలా ఇంట్లో తినేవాడు ఒకటెలా అవుతారు? గోడకి క్యాలెండరు తగిలించి తిన్న పూటకి గీత పెట్టండి, చుట్టాల పూటలు పిలిచినవాళ్ల ఖాతాలో. గ్యాసు కూడా అదే లెక్కన. నెలాఖరున బియ్యం బస్తాలో, నూనె డబ్బాలో మిగిలినదాని విలువ తీసేశాకే పంచాలి. లేకపోతే 25 కిలోల బస్తా తెచ్చిన నెలలో ఎక్కువ తిన్నవాడే వచ్చే నెల బియ్యానికీ కట్టినట్టు అవుతుంది.

పెద్ద గది:
ఆ ఏసీ అతను నేనే. తమ్ముడి రోజులు ఒప్పుకున్నాను. ఏసీకి 5 రూపాయల సగటు కూడా ఒప్పుకున్నాను.

బరంపురం బ్యాచిలర్:
అదే తప్పు! 200 దాటితే రేటు పెరుగుతుంది. ఏసీ లేకపోతే మీ బిల్లు 150 యూనిట్ల దగ్గరే ఆగేది. పై శ్లాబుకి తీసుకెళ్లింది ఏసీయే కదా, ఆ ఎక్కువ రేటు మిగతా ఇద్దరూ ఎందుకు మోయాలి?

మీటరు లెక్క:
ఈ మాటలో పస ఉంది. బిల్లు మీదున్న రేట్లతో 150 యూనిట్లకి ఎంతయ్యేదో కట్టి చూడండి. 1,200లోంచి దాన్ని తీసేస్తే ఏసీ ఖరీదు వస్తుంది.

పెద్ద గది:
చివర కాలింది నా ఏసీయే అని ఎవరు చెప్పారు? గీజరు లేకపోయినా 200 లోపే ఉండేదేమో. ముందు మాట్లాడుకోకుండా నెల గడిచాక ఆ లెక్క తెస్తే ఒప్పుకోను.

రాయగడ రూమ్:
ఈ నెలకి 770, 275, 155 కట్టేస్తున్నాం. శ్లాబు సంగతి వచ్చే రీడింగు లోపు ముగ్గురం కూర్చుని తేల్చుకుంటాం. అతనింకా ఒప్పుకోలేదు.