ఇండియా సిమ్ ఆగేలోపు రికవరీ నంబర్, బ్యాకప్ మెయిల్ ఎలా మార్చాలి?

కొత్తగా_వచ్చాను:
అందరికీ నమస్కారం. ఈమధ్యే ఇక్కడికి వచ్చాను. నా జీమెయిల్‌కి రికవరీ నంబర్‌గా ఇండియా నంబరే ఉంది. దాని రీచార్జి ఈ నెలాఖరుకి అయిపోతుంది. బ్యాకప్ మెయిల్ కాలేజీ వాళ్లిచ్చింది. ఇప్పటికైతే తెరుచుకుంటోంది గానీ ఎన్నాళ్లు ఉంచుతారో తెలీదు. ఇక్కడి సిమ్ తీసుకున్నాను. పాస్‌వర్డ్ ఫోన్‌లో సేవ్ అయి ఉంది, నాకు గుర్తులేదు. ముందు ఏది మార్చాలి?

రాత్రి_డ్యూటీ:
తమ్ముడూ, ముందు బ్యాంకు సంగతి చూసుకో. బ్యాంకులో నంబర్ మార్పించుకునేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. ఫారం పంపితే సంతకం కలవలేదని వెనక్కి పంపారు. మళ్లీ పంపితే ఆ ఫారం పాతదన్నారు. ఆ నంబర్‌కి ఓటీపీ రాకపోతే మన డబ్బు మనం చూసుకోలేం. మెయిల్ తర్వాతైనా మార్చుకోవచ్చు.

పాతకాపు:
ఇంత కంగారెందుకు? సెట్టింగ్స్‌లో ఒకచోట నంబర్ మారిస్తే గూగుల్‌లో అన్నిచోట్లా మారిపోతుంది. పైగా 90 రోజులదాకా కంపెనీ వాళ్లు సిమ్ తీసేయకూడదని రూలుంది. బ్యాకప్ కోడ్స్ ప్రింట్ తీసి పెట్టుకో, పాస్‌వర్డ్ మర్చిపోయినా వాటితో లోపలికి వెళ్లిపోవచ్చు.

తాళంచెవి:
పాతకాపు గారూ, మీరు చెప్పినవాటిలో సగం సరైనవే. మిగతా సగం నమ్ముకుంటే ఈ అబ్బాయి ఇబ్బంది పడతాడు. 90 రోజుల రూలు వాడకుండా వదిలేసిన నంబర్‌ని ఎప్పుడు తీసేయొచ్చన్నదాని గురించి. అన్నాళ్లూ మెసేజ్‌లు వస్తాయని దానర్థం కాదు. ప్లాన్ గడువు తీరాక నంబర్ మన పేరు మీదే ఉన్నా ఎస్సెమ్మెస్ ముందే ఆగిపోవచ్చు. బ్యాకప్ కోడ్స్ పాస్‌వర్డ్ కొట్టాక కోడ్ అడిగే రెండో మెట్టు దగ్గర పనికొస్తాయి. ఒక్కో విడతకి 10 ఇస్తారు, ఒక్కోటి 8 అంకెలు, ఒకసారి వాడితే చెల్లదు. కానీ అవి పాస్‌వర్డ్‌కి బదులు కావు.

బాబూ, ఇక నీ సంగతి. ఫోన్‌లో లాగిన్ అయి ఉన్నావు, ఇండియా సిమ్‌కి ఇంకా మెసేజ్‌లు వస్తున్నాయి. ఈ రెండూ ఉన్నప్పుడే పని కానిచ్చెయ్. myaccount.google.com తెరిచి Security లోకి వెళ్తే Recovery phone, Recovery email కనిపిస్తాయి. మార్చబోతే మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. నీకు గుర్తులేదన్నావు కాబట్టి ఫోన్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్ ముందు బయటికి తీసి చూసుకో. నువ్వు ఎన్నాళ్లుగానో వాడుతున్న ఫోన్ నుంచే చెయ్. ఇక్కడ కొన్న కొత్త లాప్‌టాప్ నుంచి చేస్తే అనుమానించి ఆపేయొచ్చు.

కొత్త నంబర్ పెట్టగానే పాత సిమ్ తీసి పారెయ్యకు. మార్చాక కూడా 7 రోజులపాటు గూగుల్ పాత నంబర్‌కే కోడ్ పంపే అవకాశం ఉంది. దొంగ ఎవడైనా లోపలికి దూరి నంబర్ మార్చేస్తే అసలు మనిషి పాత నంబర్‌తో అకౌంట్ వెనక్కి తెచ్చుకోవాలి కదా, అందుకే ఆ గడువు. అంటే నెలాఖరు రోజు మారిస్తే లాభం లేదు, కనీసం వారం ముందే అయిపోవాలి.

ఇంకోటి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. 2-Step Verification ఆన్ చేసి ఉంటే దానికి నంబర్ల జాబితా వేరే ఉంటుంది. Recovery phone మార్చినంతమాత్రాన అది మారదు. దాన్ని విడిగా తెరిచి కొత్త నంబర్ చేర్చు. అక్కడ ఒకటికంటే ఎక్కువ నంబర్లు పెట్టుకోవచ్చు కాబట్టి సిమ్ బతికున్నన్నాళ్లు పాతదీ ఉండనీ.

మాలతి_అక్క:
తాళంచెవి గారు చెప్పింది అక్షరాలా నిజం. మావారి విషయంలో ఇదే జరిగింది. రీచార్జి మర్చిపోయి నంబర్ పోయింది. అదే నంబర్ మళ్లీ ఇప్పించమని మరిదిని సిమ్ కంపెనీ వాళ్ల దుకాణానికి పంపాం. సిమ్ ఎవరి పేరున ఉందో ఆ మనిషే రావాలన్నారు. ఆయన విదేశంలో ఉన్నారంటే లెటర్ తెమ్మన్నారు. లెటర్ పట్టుకెళ్తే కౌంటర్‌లో ఇంకొకరు కూర్చుని ఉన్నారు, ఆయన ఇలాంటి లెటర్లు చెల్లవన్నారు. వాళ్లలో వాళ్లకే పొంతన లేదు. చివరికి చూస్తే నంబర్ వేరేవాళ్లకి వెళ్లిపోయింది. ఫోన్ చేస్తే ఎవరో పెద్దాయన ఎత్తారు. ‘అమ్మా, నాకు రోజూ ఏవేవో కోడ్‌లు వస్తున్నాయి, మీవేనా?’ అన్నారు. ఆయన మంచివారు కాబట్టి సరిపోయింది. మా మెయిల్‌కి తాళం ఎవరో తెలియని మనిషి చేతిలో ఉన్నట్టే కదా!

పాతకాపు:
అందుకే అమ్మా, ఇండియా నంబర్ ఎప్పటికీ వదలకూడదంటాను. నేను రోమింగ్‌లో ఉంచి నెలనెలా రీచార్జి చేస్తూనే ఉన్నాను.

తాళంచెవి:
అవసరమైతే ఉంచుకోండి, తప్పులేదు. కానీ మెయిల్ తాళం ఆ ఒక్క నంబర్ మీదే ఆధారపడకూడదు. ఆటో రీచార్జికి ఇచ్చిన కార్డు గడువు తీరినా అంతే సంగతులు.

పాతకాపు:
ఇక్కడి నంబరైతే శాశ్వతమా? ఊరు మారితే, కంపెనీ మారితే అదీ పోతుంది.

తాళంచెవి:
నిజమే. నంబర్ మారిన ప్రతిసారీ ఈ పని మళ్లీ చెయ్యాల్సిందే.

కొత్తగా_వచ్చాను:
అందరికీ ధన్యవాదాలు. నంబర్ రెండుచోట్లా మార్చాను, మీరన్నట్టే 2-Step దగ్గర పాతదే ఉండిపోయింది. ఇక బ్యాకప్ మెయిల్‌కి నా పాత యాహూ పెట్టనా? తెరిచి చాలా కాలమైంది.

తాళంచెవి:
వద్దు. చాలాకాలం తెరవని మెయిల్‌బాక్సులని ఈ కంపెనీలు తీసేస్తాయి. జీమెయిల్ అయినా 2 ఏళ్లు ముట్టుకోకపోతే తీసేసే హక్కు గూగుల్‌కి ఉంది. నువ్వు తరచూ చూసే మెయిలే పెట్టు. కాలేజీదీ ఆఫీసుదీ వద్దు, అక్కడ నీ పని అయిపోగానే వాళ్లు మూసేస్తారు. కొత్త మెయిల్ పెట్టాక దానికి 6 అంకెల కోడ్ వస్తుంది. అది కొట్టేదాకా పని పూర్తికానట్టే.

ఆ బ్యాకప్ మెయిల్‌కి రికవరీ ఏముందో కూడా చూసుకో. మొదటిదానికి రెండోది, రెండోదానికి మొదటిది, రెండింటికీ అదే పాత నంబర్ పెట్టుకుంటే ఒకటి పోయిన రోజు రెండూ పోతాయి. రెండోదానికి ఇంట్లో నమ్మకమైనవాళ్ల మెయిల్ ఇవ్వు.

రాత్రి_డ్యూటీ:
మా అన్నయ్య మెయిల్ ఇవ్వొచ్చా? ఆయన మెయిల్ నెలకోసారి చూస్తాడు.

తాళంచెవి:
ఆ కోడ్‌కి గడువుంటుందండీ. ఫోన్ చేయగానే తెరిచి చదివి చెప్పే మనిషైతేనే ఇవ్వండి.

కొత్తగా_వచ్చాను:
అన్నీ సరిగ్గా మారాయని ఎలా తెలుస్తుంది?

తాళంచెవి:
వారం ఆగి, అదే ఫోన్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి మెయిల్ అడ్రస్ కొట్టి Forgot password? నొక్కు. తర్వాత Try another way నొక్కుతూ పోతే ఎక్కడెక్కడికి కోడ్ పంపగలదో చూపిస్తుంది. నంబర్ మొత్తం కనిపించదు, చుక్కలు పోను చివరి అంకెలు మాత్రం ఉంటాయి. అవి కొత్త నంబర్‌వో కాదో చూడు. మెయిల్‌కైతే మొదటి అక్షరాలు చూడు. చూసి విండో మూసెయ్, పాస్‌వర్డ్ మార్చనక్కర్లేదు. ఒక్కసారి చూస్తే చాలు, పదేపదే ప్రయత్నిస్తే కాసేపు ఆపేస్తుంది.

మాలతి_అక్క:
మావారికి ఆ పెద్దాయన నంబరే ఇంకా రెండు మూడు సైట్లలో ఉందండీ. ఏయే సైట్లలో ఇచ్చామో కనుక్కునే దారి ఏమైనా ఉందా?

తాళంచెవి:
ఒక్కచోటే కనిపించే జాబితా ఏదీ లేదమ్మా. మెయిల్‌లో ‘verify’, ‘welcome’ అని వెతికి, ఎక్కడెక్కడ అకౌంట్లు ఉన్నాయో చూసి ఒక్కొక్కటీ తెరవాల్సిందే. మెయిల్ మీ చేతిలో ఉంది కాబట్టి చాలా సైట్లలో పాస్‌వర్డ్ మెయిల్ ద్వారానే మార్చుకోవచ్చు, నంబర్ అక్కర్లేదు. ఎస్సెమ్మెస్ తప్ప వేరే దారి ఇవ్వని సైట్లుంటే ముందు వాటి పేర్లు ఇక్కడ రాయండి, అవి వాడినవాళ్లు ఎవరైనా చెప్తారు.