ఆదివారం డ్యూటీకి డబుల్ ఇవ్వాలా, కంప్ ఆఫ్‌తో సరిపెట్టొచ్చా?

షిఫ్ట్‌బీ (2025 సెప్టెంబర్ 6)
బొల్లారంలో మందుల ఫ్యాక్టరీ, ఆపరేటర్ని, పర్మనెంటే. ఆగస్టు 10 ఆదివారం ఆఫ్ దొరికింది, మళ్లీ 24 దాకా లేదు. బ్యాచ్ మధ్యలో ఆపలేమని 15న పిలిచారు, 17 ఆదివారమూ పిలిచారు. 17కి బదులు సెప్టెంబర్ 4న కంప్ ఆఫ్ ఇచ్చారు. 15 సంగతి "తర్వాత చూద్దాం" అన్నారు. పేస్లిప్‌లో ఓటీ సున్నా. "ఆఫ్ తీసుకున్నావు కదా, మళ్లీ డబ్బులేంటి?" అంటున్నాడు హెచ్ఆర్. ఇది కరెక్టేనా?

మధురవాడ
మా సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంకా ఘోరం బ్రో. శని, ఆదివారాలు రిలీజ్ పెడతారు, కంప్ ఆఫ్ నెలలోగా వాడకపోతే పోతుంది. మేనేజర్ అప్రూవ్ చేస్తేనే ఉంటుంది. డబుల్ అనే మాటే నేను వినలేదు. లేబర్ ఆఫీసుకు మెయిల్ పెట్టు, వదలకు.

చక్రి
మధురవాడ గారూ, మీది షాపుల చట్టం కిందకొస్తుంది, ఈయనది ఫ్యాక్టరీ. రెండూ కలిపితే ఎటూ తేలదు. ఫ్యాక్టరీల చట్టంలో వారం శనివారం అర్ధరాత్రి మొదలవుతుంది. వారానికి 48 గంటలు దాటితే డబుల్. కాబట్టి ఆదివారం పనిచేస్తే ఓటీ వచ్చినట్టే. ముందు ఆఫ్ ఇచ్చినా, తర్వాత ఇచ్చినా తేడా లేదు. అడగండి, ఇచ్చి తీరాలి.

టైమాఫీసు
చక్రీ, సగం కరెక్టు చెప్పావు నాయనా. ముప్పై ఏళ్లు మస్టర్ రోల్ రాసినోణ్ణి, ఆ మిగతా సగం నేను చెప్తా.

ఆదివారం డ్యూటీకి పిలిచి బదులు సెలవు ఇవ్వడానికి రెండు దారులున్నాయి. మొదటిది సెలవు జరపడం: ఆ ఆదివారానికి ముందు మూడు రోజుల్లోనో, తర్వాత మూడు రోజుల్లోనో ఒక రోజు ఆఫ్ ఇవ్వాలి. తర్వాత ఇస్తే సోమ, మంగళ, బుధల్లో ఒకటి. అదే వారం కాబట్టి ఆరు రోజులే పని, 48 గంటలే, ఓటీ రాదు. ముందే, అంటే గురువారమో శుక్రవారమో ఇస్తే? ఆ ఆదివారపు గంటల్ని గడిచిన వారంలో కలపమని సెక్షన్ 52లోనే రాసుంది. అందుకే అప్పుడూ ఓటీ రాదు. చక్రి వదిలేసిన ముక్క ఇదే.

అలా జరపాలన్నా ముందుగా ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు నోటీసు వెళ్లాలి, ఫ్యాక్టరీలో బోర్డు మీద పెట్టాలి. ఎంత జరిపినా వరసగా పది రోజులకు మించి సెలవు లేకుండా పని చేయించకూడదు. ఇక్కడ తమ్ముడి సంగతి చూడండి: 11 నుంచి 23 దాకా పదమూడు రోజులు వరసగా చేశాడు. ఇది జరిపిన సెలవు కానే కాదు.

రెండో దారి, సర్కారు మినహాయింపు ఇచ్చిన పనుల్లో వారపు సెలవు పోతే ఆ నెలలోనో, దాని తర్వాత రెండు నెలల్లోనో బదులు సెలవు ఇవ్వడం. సెప్టెంబర్ 4 ఆఫ్ ఈ లెక్కలోకి వస్తుందనుకుందాం. కానీ 17 నుంచి 23 దాకా ఏడు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు, మొత్తం 56. 48 దాటిన ఆ ఎనిమిది గంటలకు డబుల్ ఎక్కడికీ పోదు. కంప్ ఆఫ్ పోయిన విశ్రాంతికి, డబుల్ ఎక్కువ చేసిన గంటలకి. ఒకటి ఇచ్చి రెండోది కొట్టేయడం హెచ్ఆర్‌ల పాత అలవాటు.

చిన్నయూనిట్
నేనూ ఒక యూనిట్ నడుపుతున్నా, కోప్పడకండి. రియాక్టర్‌లో రియాక్షన్ నడుస్తుంటే ఆదివారమని ఆపలేం, బ్యాచ్ పోతుంది. ఆఫ్ కూడా, డబుల్ కూడా అంటే చిన్నవాళ్లం ఎలా బతకాలి? పైగా మా దగ్గర సగం మంది ఆఫ్ వద్దు, ఓటీనే ఇవ్వమంటారు. నెలంతా ఆదివారాలు చేసి, ఎనిమిదో గంటకి వాల్వు దగ్గర నిద్రపోయేవాణ్ణి నేను చూశాను. నన్నడిగితే డబ్బు తగ్గించైనా ఆఫ్ తప్పనిసరి చేయాలి.

టైమాఫీసు
ఆఫ్ తప్పనిసరి అన్నదాంట్లో మీతో నాకు గొడవ లేదు, ఓటీ ఆశ చూపి సెలవు కొనడం చట్టానికీ ఇష్టం లేదు. కాకపోతే డబుల్ పెట్టిందే మీకు బరువు కావాలని. ఆ బరువుంటేనే నలుగురు రిలీవర్లను పెట్టుకుంటారు. మూడు రోజుల్లో ఆఫ్ ఇచ్చి, నోటీసు పెట్టి చూడండి, మీకు రూపాయి అదనంగా పడదు.

షిఫ్ట్‌బీ
మరి ఎంత రావాలి సార్? బేసిక్, డీఏ కలిపి 14,560. హెచ్ఆర్ఏ, మిగతా అలవెన్సులు 6,240. మొత్తం 20,800.

టైమాఫీసు
26 రోజుల లెక్కన రోజుకు 800, గంటకు 100. డబుల్ 200, ఎనిమిది గంటలకు 1,600. చాలా చోట్ల బేసిక్ మీదే వేసి గంటకు 70, డబుల్ 140 అని 1,120 చేతిలో పెడతారు. ఫ్యాక్టరీల చట్టం బేసిక్‌తో పాటు నీకు వచ్చే అలవెన్సులూ కలపమంది; తీసేయమన్నది బోనస్, ఓటీలనే. ముందు ఓటీ మస్టర్‌లో ఆ వారం నీ గంటలు ఎన్ని వేశారో చూడు. పంచింగ్‌లో 17 ఉండి మస్టర్‌లో "వీక్లీ ఆఫ్" అని ఉంటే అసలు ఆట అక్కడే. ఆ స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకో.

లక్ష్మి_నర్సింగ్
అన్నా, 15 సంగతి ఎవరూ చెప్పలేదేం? మా హాస్పిటల్లో పంద్రాగస్టు డ్యూటీకి ఒక రోజు జీతం అదనంగా ఇస్తారు. అదే డబుల్ అంటారు.

టైమాఫీసు
పంద్రాగస్టుకి వేరే చట్టం అమ్మా. ఉమ్మడి రాష్ట్రంలో 1974లో చేసిన జాతీయ, పండుగ సెలవుల చట్టం. అందులో ఎంపిక పనిచేసినవాడిది: రెట్టింపు జీతమైనా కోరుకోవచ్చు, ఆ రోజు జీతంతో పాటు ఇంకో రోజు జీతంతో కూడిన సెలవైనా కోరుకోవచ్చు. "తర్వాత చూద్దాం" అనే మూడో దారి లేదు. తమ్ముడు ఏది కావాలో రాసిచ్చి, కాపీ మీద రిసీవ్డ్ ముద్ర వేయించుకోవాలి.

చక్రి
52 సంగతి ఒప్పుకుంటా సార్. కానీ లక్ష్మి గారి పాయింటు? నెల జీతంలో 15వ తేదీ జీతం ఇప్పటికే ఉంది కదా. రెట్టింపు అంటే దాని మీద ఇంకొకటా, రెండా?

టైమాఫీసు
అదే ఎప్పుడూ తేలని గొడవ. యాజమాన్యం ఇంకొకటే అంటుంది, యూనియన్ రెండంటుంది. మా యూనిట్‌లో ఒప్పందంలోనే రాసుకున్నాం, ఇంకొకటి అని. ఆదివారానికి ఆ వాదన చెల్లదు. 26తో భాగిస్తున్నారంటే ఆదివారాలకి జీతం లేదనేగా. 30తో భాగించే చోట మాత్రం హెచ్ఆర్ ఆ మాట ఎత్తుతాడు.

షిఫ్ట్‌బీ (2025 సెప్టెంబర్ 19)
మస్టర్ చూపించలేదు. కాయితం ఇచ్చాను, ముద్ర వేయలేదు, రిజిస్టర్ పోస్టులో పంపా. 15కి సెలవు ఒప్పుకున్నారు. 17 మీద ఇంకా నోరు విప్పలేదు.

గాజువాక_యూనియన్ (2025 డిసెంబర్)
పాత దారం లేపుతున్నా, ఎందుకంటే లెక్క మారింది. నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. డబుల్ ఉంది, రెండు నెలల్లో బదులు సెలవూ ఉంది. కానీ వేతనం నిర్వచనం నుంచి హెచ్ఆర్ఏ లాంటివి తీసేశారు. మినహాయింపులు మొత్తంలో సగం దాటితేనే దాటిన ముక్క వెనక్కి కలుస్తుంది. ఈ తమ్ముడి అలవెన్సులు 30 శాతమే, కాబట్టి కంపెనీ ఇక మీదట 1,120 లెక్కే పట్టుకుంటుంది. ఆగస్టుది మాత్రం పాత చట్టం లెక్కలోనే అడగాలి.

చిన్నయూనిట్
పంద్రాగస్టు చట్టం కూడా పోయిందా మరి?

గాజువాక_యూనియన్
లేదు సార్, అది రాష్ట్రాలది. కోడ్‌లు రద్దు చేసినవి కేంద్ర చట్టాలే.