కొత్త ఆపరేటర్‌కి ఆఫ్‌సెట్ నేర్పడంలో రివ్యూ ఎలా చేయాలి?

మా షాపులో సీఎన్‌సీ లేత్ మీద కొత్త కుర్రాడికి పని నేర్పుతున్నాను. ముందు చెప్పడం, తర్వాత చేసి చూపడం, ఆపైన అతని చేత చేయించడం, చివర్లో రివ్యూ. జాబ్ బిగించడం, మైక్రోమీటర్ చదవడం బాగా పట్టుకున్నాడు. చిక్కంతా వేర్ ఆఫ్‌సెట్ దగ్గరే.

సైజు 25.00 రావాలి, 25.03 వచ్చింది. X ఆఫ్‌సెట్‌లో అప్పటికే -0.05 ఉంది. -0.03 కొట్టి +INPUT నొక్కితే -0.08 అవుతుంది, తర్వాతి పీసు సరిగ్గా వస్తుంది. అతను INPUT నొక్కాడు. పాత విలువ పోయి -0.03 మాత్రమే మిగిలింది, జాబ్ 25.05కి పెరిగింది.

నేను పక్కనుంటే ప్రతిసారీ సరిగ్గానే చేస్తాడు, ఎందుకో కూడా చెబుతాడు. ఒంటరిగా ఉన్నప్పుడే తడబడుతున్నాడు. నొక్కే ముందు కొత్త విలువ ఎంతవుతుందో కాగితం మీద రాయించాలని అనుకుంటున్నాను.

ట్రైనింగ్ ఇచ్చిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: రివ్యూలో ఏం అడుగుతారు? పక్కనుండి ఎప్పుడు తప్పుకుంటారు? మళ్లీ తప్పు చేస్తే మొదటి నుంచి చూపిస్తారా, ఆ ఒక్క మెట్టే చేయిస్తారా?