పైవాళ్ల ముందు బాధ్యత నాదన్నాను. సభ్యుడి జవాబుదారీని ఇప్పుడు ఎలా నమోదు చేయాలి?

మా బృందంలోని ఒక ఇంజనీరు పెద్ద టేబుల్‌పై `CONCURRENTLY` లేకుండా `CREATE INDEX` నడపడంతో, ఆ ఇండెక్స్ పూర్తయ్యేవరకు సుమారు 40 నిమిషాలు కొత్త ఆర్డర్లు నమోదు కాలేదు. స్టేజింగ్‌లో పరీక్షించకుండానే అతను చెక్‌లిస్టులో టిక్ పెట్టాడని లాగ్‌లు చూస్తే తెలిసింది. నా దృష్టిలో అసలు తప్పు కమాండ్ కాదు, ఆ టిక్.

డైరెక్టర్ల సమావేశంలో అతని పేరెత్తకుండా, రిలీజ్‌కు బాధ్యుడిని నేనేనని చెప్పి, నివేదికలో 'సమీక్షా విధానంలో లోపం' అని రాశాను. ఆ రాతలో అబద్ధం లేదు, ఎందుకంటే ఆ టిక్‌ను మరొకరు సరిచూసే ఏర్పాటు అప్పట్లో లేదు. తరువాత అతనితో ఏకాంతంగా మాట్లాడి, ఇకపై ప్రతి టిక్‌కూ స్టేజింగ్ లాగ్ జతచేయాలని మెయిల్‌లో కూడా స్పష్టం చేశాను. సరేనన్నాడు గానీ, తరువాతి రిలీజ్‌లోనూ లాగ్ లేకుండానే టిక్ పెట్టాడు. అడిగితే, "అది విధాన లోపమని మీరే రాశారు కదండీ" అన్నాడు.

ఈ నెలాఖరుకు అప్రైజల్ రాయాలి. మొదటి ఘటనను పక్కనపెట్టి, మెయిల్ తరువాత జరిగిన ఉల్లంఘనను మాత్రమే ఆధారంగా చూపి రేటింగ్ తగ్గించడం సరైనదేనా, లేక ముందుగా డైరెక్టర్‌కు పూర్తి విషయం చెప్పాలా?