కరెంటు పోతే డీప్ ఫ్రీజర్ ఎంతసేపు ఆగుతుంది, మూత ఎందుకు పట్టేస్తోంది?

పెదవాల్తేరు అమ్మాయి, డబ్లిన్

అందరికీ నమస్తే. నేను ఇక్కడికి వచ్చి 3 వారాలైంది. అమ్మా నాన్నా వైజాగ్‌లో ఇద్దరే ఉంటున్నారు. బయల్దేరే ముందు వాళ్లకి 200 లీటర్ల డీప్ ఫ్రీజర్ కొనిపెట్టి వచ్చాను. మూత పైకి తెరుచుకునే పెట్టెలాంటిది, గాజు మూత కాదు. నాన్న ఫిషింగ్ హార్బర్ నుంచి వంజరం, రొయ్యలు తెచ్చి దాస్తున్నారు. ఇప్పుడు అందులో 12 కిలోలుంది, మిగతాదంతా ఖాళీ. తుపాన్ల రోజులొస్తున్నాయి కదా, కరెంటు పోతే ఎంతసేపు ఆగుతుంది? ఇంకోటి, అమ్మ మూత వేసి, ఏదో మర్చిపోయి వెంటనే తీయబోతే రావట్లేదట. నిన్న నాన్న అట్లకాడ దూర్చి లేపారు. మెకానిక్‌ని పిలవమంటారా?

సీతమ్మధార, హ్యూస్టన్

వెల్‌కమ్ అమ్మా. ముందు నీ లీజు చూసుకో. అద్దె అపార్టుమెంట్లో రెండో ఫ్రీజర్ పెట్టుకోనివ్వని ఓనర్లు ఉంటారు. మా పాత ఓనరు గరాజ్‌లో పెట్టుకోమన్నాడు. తీరా ఆ గరాజ్ ప్లగ్గు, లీకేజీ వస్తే తనంతట తనే ట్రిప్ అయ్యే రకం. మేం ఊళ్లో లేనప్పుడు ట్రిప్ అయింది, 4 రోజులు ఎవరూ చూడలేదు. 15 కిలోల మాంసం పారేశాం. పైగా గరాజ్ నేలకి వాసన పట్టిందని డిపాజిట్లో 300 డాలర్లు కోసుకున్నాడు. ప్లగ్గు తనదే కదా అని 2 నెలలు మెయిళ్లు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే చెప్తున్నా, ఏదున్నా ఓనరుతో రాయించుకుని పెట్టుకో.

పెదవాల్తేరు అమ్మాయి, డబ్లిన్

అక్కా, ఫ్రీజర్ ఇక్కడ లేదు, పెదవాల్తేరులో మా సొంతింట్లో ఉంది.

కంచరపాలెం, కువైట్

రూల్ సింపుల్. కరెంటు పోయాక 48 గంటలు ఫ్రీజర్ ముట్టుకోనక్కర్లేదు. నీళ్ల సీసాల్లో ఉప్పు బాగా దట్టించి గడ్డకట్టించి పెట్టండి. ఉప్పు ఎంత ఎక్కువైతే అంత చల్లన. మూత పట్టేస్తోందంటే లోపల గ్యాస్ లీకై ఒత్తిడి పెరిగుంటుంది, మెకానిక్‌ని పిలవాల్సిందే.

మర్రిపాలెం, మస్కట్

తమ్ముడూ, 48 గంటల మాట నిజమే కానీ అది నిండుగా ఉన్న ఫ్రీజర్‌కి, మూత అసలు తియ్యకపోతేనే. సగమే ఉంటే 24 గంటలంటారు. వీళ్లది సగం కూడా లేదు. గ్యాస్ సంగతి మాత్రం పొరపాటు. ఒత్తిడి పెరిగితే మూత పైకి లేస్తుంది గానీ కిందికి పట్టెయ్యదు.

అమ్మా, ముందు మూత సంగతి చెప్తాను, ఎందుకంటే ఆ అట్లకాడే నన్ను భయపెడుతోంది. మూత తీసినప్పుడు గదిలోని వేడి గాలి కొంత లోపలికి దిగుతుంది. మూత వేశాక అది చల్లబడి కుంచించుకుపోతుంది. దానికి తోడు వైజాగ్ గాలిలో తేమ ఎక్కువ. 30 డిగ్రీల దగ్గర ఉక్కపోత రోజున గాలిలో దాదాపు నూటికి 3 వంతులు నీటి ఆవిరే. అది లోపలి గోడల మీద మంచుగా అతుక్కుంటే అంత మేరకు గాలిలోంచి మాయమైనట్టే. రబ్బరు బాగుంటే బయటి గాలి వెంటనే లోపలికి రాలేదు, దాంతో లోపల ఒత్తిడి తగ్గుతుంది. మీ మూత 90 సెంటీమీటర్ల పొడవు, 55 వెడల్పు అనుకోండి. ఒత్తిడి నూటికి ఒక్క వంతు తగ్గితే చాలు, దాని మీద 50 కిలోల బియ్యం బస్తా పెట్టినట్టు. లోపలికి దిగిన గాలి 3 డిగ్రీలు చల్లబడితేనే అంత తగ్గుతుంది. ముందు అంచు పట్టుకుని లేపుతాం కాబట్టి చేతికి అందులో సగం బరువు తెలుస్తుంది. పెద్దవాళ్లకి అదే ఎక్కువ.

చెయ్యాల్సింది ఏమీ లేదు, ఆగడమే. రబ్బరు సందుల్లోంచి గాలి నెమ్మదిగా లోపలికి చేరుతుంది, మామూలుగా 2 నుంచి 5 నిమిషాల్లో మూత మామూలుగా వచ్చేస్తుంది. అమ్మగారిని ఏమేం తియ్యాలో ముందే అనుకుని మూత ఒక్కసారే తియ్యమనండి.

పొద్దున్నే తీసినా రాకపోతే అది వేరే జబ్బు. రబ్బరు మీద చేరిన తడి గడ్డకట్టి మూతని అంటించేస్తుంది. ఇది గాలి పట్టులాగా మూతంతా ఒకేలా ఉండదు, ఒక మూలే పట్టుకుని మిగతాది కదులుతుంది. అప్పుడు గోరువెచ్చటి నీళ్లలో పిండిన గుడ్డ ఆ మూల మీద 2 నిమిషాలు పెట్టి, మూత వచ్చాక రబ్బరునీ అది కూర్చునే అంచునీ పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. ఈ రెంటిలో దేనికీ అట్లకాడ వద్దు. రబ్బరు పెదవి మీద వేలిగోరంత గాటు పడినా చాలు, అక్కడ మంచు చేరుతుంది. ఆ మంచు రబ్బరుని ఇంకాస్త ఎత్తుతుంది, సందు పెరుగుతుంది. నాన్నగారిని ఆ చోట పది రూపాయల నోటు పెట్టి మూత వేసి, లాగి చూడమనండి. బిగుతుగా వస్తే పర్లేదు. చులాగ్గా జారిపోతే రబ్బరు అక్కడ కూర్చోవట్లేదు. గాటు లేకుండా ఊరికే ముడుచుకుంటే వేడినీళ్ల గుడ్డతో మెత్తబరిచి చేత్తో సర్దితే చాలాసార్లు సరిపోతుంది. గాటే పడితే రబ్బరు మార్చాలి.

పెదవాల్తేరు అమ్మాయి, డబ్లిన్

నోటు పెట్టి చూశారు బాబాయ్ గారూ, బిగుతుగానే వచ్చిందట. నాన్నకి చెప్పేశాను, ఇంక అట్లకాడ ముట్టుకోరు. మరి ఆ 12 కిలోలతో ఎంతసేపు?

మర్రిపాలెం, మస్కట్

ఇది అంచనా లెక్కే, మీ గదిని బట్టి మారుతుంది. గోడల్లో ఫోమ్ 6 సెంటీమీటర్లకి తగ్గకుండా ఉండి, గది 32 డిగ్రీలుంటే, ఆ సైజు పెట్టె లోపలికి దాదాపు 40 వాట్ల వేడి వస్తూనే ఉంటుంది. చిన్న బల్బు ఒకటి లోపల వెలుగుతున్నట్టు అనుకోండి. లోపల -18 ఉన్న 12 కిలోల చేప, ఆ వేడికి 5 గంటల్లో -5 దాకా వస్తుంది. 12 గంటల ప్రాంతంలో పైన మెత్తబడటం మొదలవుతుంది. పూర్తిగా కరగడానికి ఒక రోజు దాటుతుంది. అంటే రాత్రి 10కి కరెంటు పోతే తెల్లారేదాకా కంగారు లేదు, మర్నాడు సాయంత్రానికి మాత్రం అనుమానమే.

దీన్ని పొడిగించేది ఐస్. లీటరు నీళ్లకి 50 గ్రాముల కల్లుప్పు కలిపి, కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలో మెడ దాకా కాకుండా పదింట తొమ్మిది వంతులే పొయ్యాలి. గడ్డకడితే ఉబ్బుతుంది కదా. అలాంటి సీసా ఒక్కోటి రమారమి 2 గంటలు కొంటుంది. 20 సీసాలు పెడితే ఒకటిన్నర రోజు పైమాటే. అన్నీ ఒకేరోజు పడెయ్యకండి. 20 లీటర్ల వేడి నీళ్లు గడ్డకట్టడానికి చిన్న కంప్రెసర్‌కి దాదాపు 2 రోజులు పడుతుంది, ఆలోపు ఉన్న చేపకీ చల్లదనం తగ్గుతుంది. రోజుకి 5 చాలు.

కంచరపాలెం, కువైట్

50 గ్రాములేంటి గురువుగారూ, 200 వేస్తే మైనస్ 13 దగ్గర కరుగుతుంది, ఇంకా చల్లగా ఉంటుంది కదా?

మర్రిపాలెం, మస్కట్

కరగడం సరే, ముందు గడ్డ కట్టాలి కదా బాబూ. ఇంటి ఫ్రీజర్ -18 దగ్గర ఆగుతుంది. అంత ఉప్పు వేస్తే సీసాలో చాలా భాగం ద్రవంగానే మిగిలిపోతుంది. గడ్డకట్టని నీళ్లు కరిగేదేముంది, దాచేదేముంది? సీసా కదిపితే లోపల నీళ్లు గలగలలాడితే ఉప్పు ఎక్కువైనట్టే లెక్క. 50 గ్రాముల్లోనూ కొంచెం ద్రవం మిగులుతుంది, అది పర్లేదు.

అక్కయ్యపాలెం, సిడ్నీ

నేను మాత్రం మామూలు నీళ్లే అంటాను. ఉప్పు లేకపోతే ఒక్కో లీటరూ ఎక్కువ వేడిని మింగుతుంది. సీసా పగిలితే ఫ్రీజర్ అంతా ఉప్పు నీళ్లు కాదు. కరెంటు రాకపోతే ఆ నీళ్లు తాగొచ్చు కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు చాలా వీధుల్లో రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లకీ కటకటే.

మర్రిపాలెం, మస్కట్

తాగునీటి మాట నిజం. కానీ చేప -1, -2 దగ్గరే కరిగిపోతుంది, మామూలు ఐస్ మాత్రం 0 దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. అంటే ఆ ఐస్ పనిలోకి దిగేసరికి చేప గడ్డ విడిపోయి ఉంటుంది. చెడిపోకుండా కాస్తుంది కానీ గడ్డగా ఉంచలేదు. నా మాట, 14 ఉప్పువి, 6 మంచినీళ్లవి.

అక్కయ్యపాలెం, సిడ్నీ

సగం సగం పెట్టుకోమని నా మాట. అమ్మాయీ, నువ్వే తేల్చుకో.

పెదవాల్తేరు అమ్మాయి, డబ్లిన్

సర్దడం ఎలా? కింద చేప, పైన సీసాలేనా?

మర్రిపాలెం, మస్కట్

అవును. కరెంటు లేనప్పుడు పెట్టెలో పై భాగమే ముందు వేడెక్కుతుంది. సీసాలు పై వరసలో పడుకోబెట్టండి, మూతకీ వాటికీ మధ్య రెండు వేళ్ల సందు వదలండి. మూత సీసాల మీద ఆనితే రబ్బరు కూర్చోదు. కొన్ని పక్క గోడల దగ్గర నిలబెట్టండి. కింద చేపని అరకిలో ప్యాకెట్లుగా, 2, 3 సెంటీమీటర్ల మందాన పలకలా చదును చేసి కట్టమనండి. పచ్చి ప్యాకెట్లు గోడకి ఆనించి విడివిడిగా పెడితే త్వరగా గడ్డకడతాయి. గడ్డకట్టాక పుస్తకాల్లా ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి దగ్గరగా పేర్చాలి, మధ్యలో గాలి సందులు వద్దు. తేదీ పైకి కనపడేలా ప్యాకెట్ మీద రాస్తే అమ్మగారికి వెతుకులాట తగ్గుతుంది. తుపాను హెచ్చరిక రాగానే ఒకరోజు ముందు నాబ్ పూర్తిగా చల్లన వైపు తిప్పెయ్యాలి.

సీతమ్మధార, హ్యూస్టన్

దుప్పటి కప్పమని కూడా చెప్పు.

మర్రిపాలెం, మస్కట్

కరెంటు లేనప్పుడే. చాలా పెట్టె ఫ్రీజర్లలో వేడిని బయటికి తోసే గొట్టాలు పక్క రేకుల వెనకే ఉంటాయి, నడుస్తున్నప్పుడు చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. కరెంటు వచ్చాక దుప్పటి తీయడం మరిచిపోతే కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది.

కంచరపాలెం, కువైట్

మా ఇంట్లో ఇన్వర్టర్‌కే పెట్టేశాం, ఏ గొడవా లేదు.

మర్రిపాలెం, మస్కట్

ఫ్యాన్లు, లైట్లకి పెట్టిన ఇన్వర్టర్ అయితే కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో లోడు తట్టుకోదు. మీది పెద్దదేమో, వాళ్ల దాని సంగతి తెలియకుండా పెట్టమని నేను చెప్పను.

పెదవాల్తేరు అమ్మాయి, డబ్లిన్

ఆఖరిది. కరెంటు వచ్చాక లోపలిది తినొచ్చో లేదో అమ్మకెలా తెలుస్తుంది? గ్లాసులో ఐస్ మీద రూపాయి బిళ్ల పెట్టమంటున్నారు.

మర్రిపాలెం, మస్కట్

బిళ్ల మంచిదే, పై వరసలో పెట్టండి. గ్లాసు అడుగుకి దిగిపోతే అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. కానీ ఎన్ని గంటలు కరిగి ఉందో అది చెప్పదు. చేప ప్యాకెట్ వంచి చూడమనండి. మధ్యలో ఇంకా ఐస్ పలుకులు కరకరమంటే మళ్లీ గడ్డకట్టించొచ్చు, రుచి కొంచెం తగ్గుతుంది అంతే. పూర్తిగా మెత్తబడినా ఐస్ పెట్టెలోలా చల్లగా ఉంటే ఆ రోజే వండెయ్యాలి. చేతికి చల్లదనం తెలియకపోతే, 4 డిగ్రీలు దాటి 2 గంటలైందన్న అనుమానముంటే పారెయ్యాలి. రొయ్యల విషయంలో వాసన చూసి నిర్ణయించొద్దు, వాసన రాకముందే చెడిపోతాయి.

పెదవాల్తేరు అమ్మాయి, డబ్లిన్

నాన్న ఖాళీ సీసాలు పోగేస్తున్నారు, ఇప్పటికి 11 దొరికాయట. ఈ రాత్రికి మొదటి 5 పెడతామన్నారు.