చదును పాదాలతో పరుగు: ఇన్‌సోల్ వాడాలా, కండరాలను బలపరచాలా?

ప్రశ్న (శ్రీకాంత్): చిన్నప్పటి నుండి నా రెండు పాదాలకూ వంపు లేదు. ఈమధ్య పరుగు దూరం పెంచాక కుడి చీలమండ లోపలి వైపు నొప్పి వస్తోంది. బూటు లోపల పెట్టుకునే ఇన్‌సోల్ వాడాలా, లేక వ్యాయామంతో వంపు తెచ్చుకోవాలా?

వెంకటరమణ: ఇన్‌సోల్ వద్దండీ. ఆధారానికి అలవాటుపడిన పాదం పని మానేస్తుంది. చెప్పులు విడిచి ఇసుకలో నడవండి, కండరాలు గట్టిపడి వంపు దానంతట అదే వస్తుంది.

మాధవి (ఫిజియోథెరపిస్టు): కండరాలు బలపడతాయన్న మాట నిజమే కానీ, పెద్దవారిలో ఎముకల అమరిక వ్యాయామంతో పెద్దగా మారదు, మారవలసిన అవసరమూ లేదు. శ్రీకాంత్ గారూ, రెండు పాదాలూ చదునుగానే ఉన్నా నొప్పి కుడివైపే, అదీ దూరం పెంచాకే వచ్చింది కాబట్టి, పాదం ఆకారం కంటే ఒక్కసారిగా పెరిగిన భారాన్నే ముందు అనుమానించాలి. పిక్క నుండి బయలుదేరి, చీలమండ లోపలి ఎముక వెనుకగా పాదంలోకి దిగే స్నాయువు ఒకటుంది. వంపును మోసే స్నాయువుల్లో ప్రధానమైనది అదే. గోడకు వేళ్లు ఆనించి, ఒంటికాలిపై మడమను నెమ్మదిగా ఎత్తండి, వెనుక నుండి ఎవరినైనా చూడమనండి. మడమ లోపలికి తిరిగి వంపు కనబడితే స్నాయువు పనిచేస్తున్నట్టే. మడమ లేవకపోయినా, బయటికే వాలి ఉన్నా, ఎముక వెనుక వాపు ఉన్నా పరుగు ఆపి ఎముకల వైద్యుణ్ణి కలవండి.

సుజాత: మా అబ్బాయి కానిస్టేబుల్ పరీక్షకు సిద్ధమవుతున్నాడు. ఈ వ్యాయామాలతో వైద్య పరీక్ష నాటికి వంపు వస్తుందా?

మాధవి: వస్తుందని మాట ఇవ్వలేనమ్మా. మునివేళ్లపై నిలబడినప్పుడు వంపు కనబడుతుందా, లేదా అన్నది ముందుగా వైద్యుడికి చూపించండి.

శ్రీకాంత్: ఎడమ కాలితో 20 సార్లు లేపగలిగాను, కుడితో 7 సార్లకే నొప్పి వచ్చింది. మడమ మాత్రం లోపలికి తిరుగుతోందట. వాపు లేదు.

మాధవి: అయితే కొన్ని వారాలు పరుగు బదులు సైకిల్ తొక్కండి, నడిచేటప్పుడు దుకాణంలో దొరికే మామూలు ఇన్‌సోల్ పెట్టుకోండి. అది స్నాయువుపై పడే భారాన్ని కొంత పంచుకుంటుంది. రోజు విడిచి రోజు, రెండు మడమల మధ్య టెన్నిస్ బంతిని నొక్కిపెట్టి, రెండు కాళ్లపై 12 సార్లు చొప్పున 3 విడతలు నెమ్మదిగా మడమలు ఎత్తి దించండి. ఆ తరువాత కూర్చుని, వేళ్లు ముడవకుండా బొటనవేలి మొదలును మడమ వైపు లాగి 5 సెకన్లు పట్టి ఉంచండి. వేళ్లు ముడుచుకుంటున్నాయంటే పని తప్పు కండరం చేస్తోందని అర్థం. నొప్పి పదికి మూడు దాటకుండా, మరునాటి ఉదయానికి తగ్గిపోతుంటేనే ఒంటికాలికి మారండి. దీనికి మూడు నెలలు పట్టవచ్చు.

వెంకటరమణ: నొప్పి ఉన్నన్నాళ్లు ఇన్‌సోల్ సరే. తగ్గాక కూడా వాడితే బలహీనపడదా?

మాధవి: పక్కన కసరత్తు సాగుతుంటే బలహీనపడిన పాదాలను నేను చూడలేదు. కానీ తగ్గాక తీసేయాలా, దూరపు పరుగులకు ఉంచుకోవాలా అన్న దానిపై మా వృత్తిలోనే ఏకాభిప్రాయం లేదు. నేనైతే ముందు ఇంట్లో నడిచేటప్పుడు తీసి చూడమంటాను.